తిరిగి వచ్చిన రచయిత మాట: వివరణకూ క్షమాపణకూ నడుమ – పెరుమాళ్ మురుగన్ సందర్భం

ఉపోద్ఘాతం

చాలాకాలం మౌనంగా ఉండి మళ్ళీ కలం పట్టిన రచయిత తన పాఠకులతో మొదట ఏం చెప్పాలి? ఏమీ చెప్పకుండా కొత్త రచనను ముందుంచితే ఆ విరామం అర్థం కాని ఖాళీగా మిగిలిపోతుంది. ప్రతి వాక్యంలోనూ మన్నించమని వేడుకుంటే రచన కంటే రచయిత అపరాధమే పెద్దదిగా కనిపిస్తుంది. ఈ రెంటికీ నడుమ నైతికంగా నిలబడగల మాట ఎలా ఉంటుందన్నది ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న. ఇందుకు తమిళ నవలాకారుడు పెరుమాళ్ మురుగన్ 2015లో రచనను విరమించి 2016లో తిరిగి వచ్చిన సందర్భాన్ని ఆధారంగా తీసుకుంటున్నాను. ఒకే రచయిత నుంచి పందొమ్మిది నెలల వ్యవధిలో బలవంతపు క్షమాపణ, విరమణ ప్రకటన, పునరాగమన వివరణ మూడూ వెలువడ్డాయి కనుక వాటి తేడాలను పక్కపక్కన పెట్టి చూడడానికి వీలవుతుంది.

నాలుగు మాటల తేడా

తెలుగులో ఈ విషయానికి సంబంధించి దగ్గర అర్థాలున్న మాటలు నాలుగున్నాయి: విచారం, క్షమాపణ, సంజాయిషీ, వివరణ. విచారం వ్యక్తం చేసినవాడు జరిగినదానికి బాధపడుతున్నానని చెబుతాడు గాని అది తన తప్పేనని ఒప్పుకోవలసిన అవసరం లేదు. క్షమాపణ చెప్పినవాడు పని తప్పనీ, చేసింది తాననీ రెండూ అంగీకరిస్తాడు. సంజాయిషీ పై అధికారి అడిగితే కిందివాడు ఇచ్చేది. అందులో చెప్పే సంగతులు నిజమే కావచ్చు, కాని అడిగే హక్కు ఎదుటివాడికి ఉందన్న ఒప్పుదల ఆ రూపంలోనే ఇమిడి ఉంటుంది. వివరణకు అటువంటి షరతు లేదు. సమానులు సమానులకు ఇచ్చుకోగలిగేది అదొక్కటే.

జె. ఎల్. ఆస్టిన్ 1956లో చేసిన 'ఎ ప్లీ ఫర్ ఎక్స్‌క్యూజెస్' అనే ప్రసంగంలో సమర్థనకూ మినహాయింపు కోరడానికీ ఉన్న తేడాను విడదీశాడు. సమర్థించుకునేవాడు పని తనదేనంటాడు, అది తప్పు కాదంటాడు. మినహాయింపు కోరేవాడు పని మంచిది కాదని ఒప్పుకుంటాడు, బాధ్యత పూర్తిగా తనది కాదంటాడు. ఈ విభజన మన చర్చకు ఉపయోగపడుతుంది గాని సరిపోదు. రెండు సందర్భాల్లోనూ ఎవరో ఆరోపణ చేశారనీ, దానికి జవాబు చెప్పవలసి ఉందనీ ఆస్టిన్ ముందే అనుకుంటాడు. తిరిగి వచ్చిన రచయిత విషయంలో అసలు తేలవలసింది అదే. ఆరోపణ ఉన్నదా? ఉంటే అది ఎవరిది?

2015 జనవరి: క్షమాపణ, ఆపై మరణ ప్రకటన

మురుగన్ నవల 'మాదొరుభాగన్' 2010లో వచ్చింది. స్త్రీని ఒక భాగంగా కలవాడు అని ఆ పేరుకు అర్థం. తిరుచెంగోడు కొండమీది అర్ధనారీశ్వరుడి పేరది. సంతానం లేని కాళి, పొన్న అనే దంపతుల కథ ఇందులోని ఇతివృత్తం. రథోత్సవపు ఒక రాత్రి స్త్రీ పరపురుషుడితో కలిసి సంతానం పొందే ఆచారం ఒకప్పుడు ఉండేదన్న భావన కథకు కీలకం. 2013లో ఆంగ్లానువాదం వచ్చింది. 2014 డిసెంబరులో తిరుచెంగోడులో నిరసనలు మొదలయ్యాయి, పుస్తకం ప్రతులను తగలబెట్టారు. 2015 జనవరి 12న నామక్కల్‌లో జిల్లా అధికారుల సమక్షంలో జరిగిన 'శాంతి సమావేశం'లో రచయిత బేషరతు క్షమాపణ పత్రంపై సంతకం చేశారు. ముందు అనుకున్న విచార ప్రకటన ఎదుటి పక్షానికి చాలలేదు. విచారం క్షమాపణ కావలసి వచ్చింది, ఆ క్షమాపణకు బేషరతు అనే విశేషణం తోడు కావలసి వచ్చింది. మాటలోని ఈ చిన్న మార్పు పెద్ద విషయం. విచారంలో లేని అపరాధాంగీకారం క్షమాపణలో ఉంది. షరతు లేకపోవడమంటే కారణం చెప్పుకునే హక్కును కూడా వదులుకోవడమే.

ఆ వెంటనే ఆయన ఫేస్‌బుక్‌లో ఒక ప్రకటన చేశారు. రచయిత పెరుమాళ్ మురుగన్ మరణించాడనీ, అతడు దేవుడు కాడు కనుక పునరుత్థానం చెందడనీ, ఇకపై పి. మురుగన్ అనే సాధారణ ఉపాధ్యాయుడు మాత్రమే ఉంటాడనీ దాని సారాంశం. తన పుస్తకాలు అమ్మవద్దని ప్రచురణకర్తలను కోరారు, వారికి నష్టపరిహారం చెల్లిస్తానన్నారు. పెరుమాళ్ మురుగన్ తరఫున పి. మురుగన్ అని ఆ ప్రకటన కింద ఉంది.

ఇక్కడ గమనించవలసింది ప్రథమ పురుష వాడుక. క్షమాపణ ఉత్తమ పురుషలో తప్ప సాధ్యం కాదు. 'అతడు మన్నింపు కోరుతున్నాడు' అన్నది వార్త అవుతుంది గాని క్షమాపణ కాదు. సమావేశంలో తన చేత 'నేను' అనిపించిన రచయిత ఈ ప్రకటనలో ఆ 'నేను'ను ఉపసంహరించుకున్నాడు. క్షమాపణ చెప్పిన మనిషి మిగిలాడు, రాసిన మనిషి లేడు. లేని మనిషిని ఇక ఎవరూ క్షమాపణ అడగలేరు. బయటికి ఓటమిగా కనిపించే ఈ ప్రకటన, ఆ విధంగా, అంతకుముందు చేసిన సంతకం రచయిత వరకూ చేరకుండా అడ్డుకున్నది.

తిరిగి రావడం మాట తప్పడమా?

పునరుత్థానం చెందనని చెప్పినవాడు తిరిగి వస్తే మాట తప్పినట్టు కాదా అన్న అభ్యంతరం సహజం. అదే నిజమైతే పునరాగమనం క్షమాపణతోనే మొదలు కావాలి. కాని వాగ్దానానికి స్వీకర్త ఉండాలి. ఇకపై రాయనన్న మాటను స్వీకరించడానికి నిరసనకారులకు ఏ హక్కూ లేదు; రచయిత రాయకుండా ఉండడం వారికి బాకీ పడిన విషయం కాదు. పాఠకులు ఆ మాటను కోరనే లేదు. కాబట్టి అది వాగ్దానం కాదు, ఒక స్థితిని తెలిపే ప్రకటన. స్థితి మారితే ప్రకటన కాలం చెల్లుతుంది గాని భంగం కాదు.

2016 జూలై 5న మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సంజయ్ కిషన్ కౌల్, న్యాయమూర్తి పుష్పా సత్యనారాయణల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ తర్కానికి చట్టపరమైన రూపం ఇచ్చింది. జనవరి 12 నాటి ఒప్పందం రచయితను బంధించదని తేల్చింది. తీర్పు చివర, రచయిత తాను బాగా చేయగలిగిన పనికి తిరిగి ప్రాణం పోసుకోవాలనీ, రాయాలనీ ఆకాంక్షించింది. అయితే న్యాయస్థానం ఒప్పందాన్ని తొలగించగలదే గాని రచయిత లోపలి భయాన్ని తొలగించలేదు. అది చెప్పవలసిన పని రచయితదే.

2016 ఆగస్టు: మొదటి మాట

ఆగస్టు 22న ఢిల్లీలో ఆయన కవితా సంపుటి 'కోళైయిన్ పాడల్గళ్' – పిరికివాడి పాటలు – ఆవిష్కరణ జరిగింది. మౌనకాలంలో రాసిన సుమారు రెండు వందల కవితలు ఇందులో ఉన్నాయి. ఆ సందర్భంగా ఆయన చెప్పిన మాటల్లో మొదటి నెలల్లో ఏమీ రాయలేకపోయిన స్థితి ఉంది. తన లోపల ఇప్పుడొక సెన్సారు అధికారి కూర్చున్నాడనీ, పుట్టే ప్రతి మాటనూ పరీక్షిస్తున్నాడనీ అన్న ఒప్పుకోలు ఉంది. ఆలస్యానికి మన్నించమనడం గాని, ఇకపై ధైర్యంగా రాస్తానని మాట ఇవ్వడం గాని ఆ మాటల ప్రధాన స్వరం కాదు.

'పిరికివాడు' అన్న పేరే అతి క్షమాపణ కాదా అని అడగవచ్చు. కాదనడానికి కారణం ఉంది. తనను తాను నిందించుకునేవాడు సాధారణంగా ఎదుటివాడి నుంచి ఒక ప్రతివచనం ఆశిస్తాడు: 'నువ్వు అంత చెడ్డవాడివి కాదులే'. పాఠకుడికి ఓదార్చే పని అప్పగించడమే అతి క్షమాపణ లక్షణం. మురుగన్ శీర్షికలో ఆ ఎదురుచూపు లేదు. ఆయన పిరికితనాన్ని ఒప్పుకున్న వెంటనే, ఒక ఉపాధ్యాయుణ్ణి పిరికివాణ్ణి చేసింది ఎవరన్న ప్రశ్న దానంతట అదే లేస్తుంది. ఒప్పుకోలు ఇక్కడ సాక్ష్యంగా పనిచేస్తుంది.

మన కావ్యావతారికల్లోని వినయోక్తితో పోల్చితే ఈ తేడా స్పష్టమవుతుంది. వినయోక్తిలో కవి తన అశక్తతను చెప్పుకుంటాడు గాని అది తప్పు చేసినవాడి స్వరం కాదు. తలపెట్టిన పని ఎంత పెద్దదో ఆ అశక్తత కొలిచి చూపుతుంది. అలాగే మురుగన్ భయం, ఎదురైన బలం ఎంతటిదో కొలిచి చూపుతుంది.

'పూనాచ్చి' ముందుమాట: ఒక నమూనా

తర్వాత వచ్చిన నవల 'పూనాచ్చి' ఒక నల్ల మేక కథ. దీని ముందుమాటలో మేకనే ఎందుకు ఎంచుకున్నదీ ఆయన వివరిస్తారు. మనుషుల గురించి రాయాలంటే భయం. దేవుళ్ళ గురించైతే మరీ భయం. ఇక మిగిలింది జంతువులు. తనకు బాగా తెలిసినవి ఐదు రకాలే. వాటిలో కుక్క, పిల్లి కవిత్వానికి తగినవి. ఆవు గురించీ, పంది గురించీ రాయడం నిషిద్ధం. మిగిలింది గొర్రెలు, మేకలు; వాటిలో మేక ఇబ్బంది పెట్టనిది, చురుకైనది. ఇదీ ఆ తర్కం.

ఈ వివరణలో విరామానికి కారణం పూర్తిగా ఉంది, కాని దాన్ని విడిగా చెప్పలేదు. రాయగల విషయాలు ఒక్కొక్కటిగా ఎలా కొట్టివేయబడ్డాయో చూస్తూ పాఠకుడు తానే మౌనం ఎక్కడినుంచి వచ్చిందో గ్రహిస్తాడు. పైగా ఆ కారణం రచనలోకే దారి తీస్తుంది. మేకలకు చెవులు కుట్టించి లెక్క రాయించుకునే ప్రభుత్వం, చీకట్లో కనపడదు కనుక అనుమానానికి గురయ్యే నల్ల మేక నవలలో కనిపించేసరికి, ముందుమాటలోని భయం కథాలోకపు నియమంగా మారుతుంది. ముందుమాటను తీసివేసినా కథ నిలుస్తుంది, ఉంచితే కథ లోతు పెరుగుతుంది. అతి క్షమాపణతో మొదలయ్యే ముందుమాటకు ఈ గుణం ఉండదు, ఎందుకంటే అది చూపేది రచయిత వైపే.

ఈ ఉదాహరణ హద్దులు

ప్రతి విరామమూ ఇటువంటిది కాదు. పారితోషికం ముందే తీసుకుని ధారావాహికను మధ్యలో ఆపిన రచయిత, చందాదారులకు చెప్పకుండా సంచిక మానేసిన సంపాదకుడు నిజమైన వాగ్దానాన్ని భంగపరిచినవారే. వారు ముందు క్షమాపణ చెప్పాలి, ఒకసారి, స్పష్టంగా. వివరణ ఆ తర్వాతి మాట. అక్కడ వివరణ మాత్రమే ఇవ్వడం తప్పించుకోవడం అవుతుంది. మురుగన్ విషయంలోనూ ప్రచురణకర్తల పట్ల నిజమైన బాధ్యత ఉంది; దాన్ని ఆయన విరమణ ప్రకటనలోనే గుర్తించి పరిహారం మాట ఎత్తారు. బాకీ ఉన్నచోట చెల్లింపు, బాకీ లేనిచోట వివరణ అన్న విచక్షణ ఆ కష్టకాలంలోనూ ఆయనకు ఉన్నదన్నమాట.

ఉపసంహారం

తిరిగి వచ్చిన రచయిత మాటను అంచనా కట్టడానికి ఆ మాట ఎవరికి బాకీ పడి చెప్పినదో ముందు చూడాలి. పాఠకుడి నుంచి అది ఏం కోరుతున్నదో తర్వాత చూడాలి. అవగాహన కోరితే వివరణ, మన్నింపు కోరితే క్షమాపణ. బలవంతాన వచ్చిన మౌనానికి తిరిగి వచ్చాక క్షమాపణ చెబితే ఆ బలవంతానికి రచయితే ఆలస్యంగా ఆమోదముద్ర వేసినట్టవుతుంది. 2015 జనవరి 12 నాటి సంతకాన్ని ఈసారి స్వేచ్ఛగా మళ్ళీ చేసినట్టవుతుంది. పూర్తిగా మౌనం వహిస్తే, ఆ సంతకం పెట్టించినవారి పాత్ర చరిత్ర నుంచి జారిపోతుంది. భయాన్ని దాచకుండా, దానికి మన్నింపు అడగకుండా మురుగన్ చెప్పిన మాట ఈ రెండు ప్రమాదాలనూ తప్పించింది.