ఏడడుగుల్లో ఏముంది?

ఇక్కడ విదేశంలో మన పెళ్లిళ్లలో అతిథుల చేతికి ఒక కార్డు ఇస్తున్నారు. సప్తపదిలో వధూవరులు చేసే ఏడు ప్రమాణాలంటూ అందులో ఇంగ్లీషులో అచ్చువేస్తారు. ఆరోగ్యం, విశ్వాసం, పరస్పర గౌరవం ఇలా సాగుతుంది ఆ జాబితా. మాటలు బాగానే ఉన్నాయి గానీ, పంతులుగారు పక్కనే చదువుతున్న మంత్రాలకూ వాటికీ పొంతన తక్కువ.

తెలుగునాట చాలా ఇళ్లలో నడిచేది ఆపస్తంబ పద్ధతి. వరుడు వధువు చెయ్యి పట్టుకుని, అగ్నికి ఉత్తరం వైపున, కుడికాలు ముందు పెట్టించి తూర్పుకో ఉత్తరానికో నడిపిస్తాడు. ఉత్తరాది ఫేరాల్లా ఇది అగ్ని చుట్టూ తిరగడం కాదు. మన ప్రదక్షిణం వేరు, ఈ నడక వేరు. మొదటి అడుగు అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతం కోసం, నాలుగోది సుఖం కోసం, అయిదోది పశుసంపద కోసం, ఆరోది ఋతువులు అనుకూలించడం కోసం, ఏడోది యజ్ఞం చేసే ఏడుగురు హోతల కోసం. ప్రతి అడుగుకూ విష్ణువు నీ వెంట నడవాలని వరుడు కోరతాడు. అంటే ఇవి ప్రమాణాల కన్నా ప్రార్థనలు. ఇల్లు నిలబడాలంటే ముందు గాదెలో గింజ ఉండాలని, ఆ తర్వాతే మిగతావని చెప్పే రైతు లెక్క ఇది.

అసలు మాట ఏడో అడుగు పడ్డాక వస్తుంది. ఏడడుగులు కలిసి నడిచాం కాబట్టి నువ్వు నాకు స్నేహితురాలివి, నీ స్నేహం నుంచి నేను విడిపోకూడదు, నా స్నేహం నుంచి నువ్వు విడిపోకూడదు అని వరుడు జపిస్తాడు. చెప్పేది అతనొక్కడే అయినా షరతు ఇద్దరికీ సమానం. భర్త యజమాని, భార్య అణకువ అన్న ఊసే ఇక్కడ లేదు. విదేశంలో పుట్టి పెరిగిన పిల్లలకు ఏడడుగుల్లో ఒక్కటే విప్పి చెప్పే తీరిక ఉంటే, నేనైతే ఇదే చెబుతాను.

చిక్కేమిటంటే, మన జనం చూపంతా జీలకర్ర బెల్లం మీద, మంగళసూత్రం మీద ఉంటుంది. తలంబ్రాలయ్యాక సగం హాలు భోజనాలకు లేస్తుంది. సప్తపది ఆ తర్వాత, ఫోటోగ్రాఫరు తొందరలో రెండు నిమిషాల్లో అయిపోతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను మాత్రం, సప్తపది ఆచారంలో భాగమైన చోట, ఏడో అడుగుతోనే వివాహం పూర్తవుతుందంటోంది.

కార్డు అచ్చుకిచ్చే ముందు పంతులుగారు ఏ సూత్రం చదువుతారో అడగండి. ఆశ్వలాయనమైతే మూడో అడుగు ఐశ్వర్యానికి, అయిదోది సంతానానికి మారిపోతాయి.