అరుగుదల ఎవరి ఖాతాలో?

హైదరాబాదులో ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ముందుగా ఇచ్చే డబ్బుని మనం అడ్వాన్స్ అంటాం. ఆ మాటే కొంత తికమక పెడుతుంది. అడ్వాన్స్ అనగానే ఆ డబ్బు ఇచ్చేసినట్టు, ఇక ఓనరుదే అయిపోయినట్టు ఉంటుంది. నిజానికి అది అద్దెకున్నవాళ్ళ డబ్బే. ఓనరు దగ్గర దాచి ఉంటుంది, అంతే. ఇల్లు ఖాళీ చేశాక ఎవరు ఎవరిని అడగాలి, ఎవరు ఎవరికి సంజాయిషీ చెప్పాలి అన్నది ఈ తేడా మీదే ఆధారపడుతుంది.

ఈ మధ్య ఒక స్నేహితుడు తన పాత ఓనరుగారి జవాబు నాకు పంపాడు. మూడేళ్ళు ఉన్న రెండు బెడ్‌రూముల ఫ్లాట్, నెలకి 20,000 అద్దె, 60,000 అడ్వాన్స్. ఖాళీ చేసి నెలన్నర అయినా డబ్బు రాలేదని మావాడు కాస్త గట్టిగానే మెసేజ్ పెట్టాడు. దానికి ఆయన ఒకటిన్నర పేజీ ఉత్తరం రాసి, ఫొటోలూ బిల్లులూ జతచేసి పంపారు. పెయింటింగ్‌కి 24,000, వాష్‌బేసిన్‌కి 3,800, వంటింట్లో సింకు కింద కప్‌బోర్డుకి 7,500. మొత్తం 35,300 పోగా ఇవ్వాల్సింది 24,700 అని తేల్చారు. చివర్లో ఒక వాక్యం: ‘సొంతింటిలా చూసుకుంటారని నమ్మి ఇచ్చాం బాబూ.’

మావాడు ఇది మోసం అంటాడు. నాకలా అనిపించలేదు. ఫొటోలు నిజమైనవే. బిల్లుల మీద షాపు పేరుంది, తేదీ ఉంది. అసలు లెక్కే చెప్పకుండా ఫోన్ ఎత్తడం మానేసే ఓనర్లు ఎంతోమంది ఉండగా, ఈయన కూర్చుని కారణాలు రాశారు. కారణం రాసిన మనిషితో వాదించొచ్చు. మరి ఇన్ని నిజాలు కలిసి అన్యాయమైన లెక్క ఎలా అయ్యాయన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

పెయింటింగ్‌తో మొదలుపెడదాం. ఆయన పంపిన వాటిలో రెండు గోడల ఫొటోలున్నాయి. ఒకటి హాల్లోది. అడుగుభాగంలో రంగు పొట్టులా లేచి, కింద తెల్లటి పొడి రాలి ఉంది. ఆ తెల్లపొడి ఉప్పు. గోడలో చెమ్మ చేరి, అది ఆరుతూ లోపలి ఉప్పుని బయటికి తోసినప్పుడు లప్పం, రంగు అలా లేస్తాయి. ఆ గోడకి అటువైపు బాత్రూం ఉంది. టైల్స్ సందుల్లోంచో, లోపలి పైపుల్లోంచో నీరు దిగుతోందన్నమాట. కుర్చీ తగిలి గీసుకుపోతే ఒకచోట గీత పడుతుంది, కింద నుంచి పైకి పాకే మరక రాదు. ఫొటో ఇప్పుడెలా ఉందో చూపిస్తుంది. ఎందుకలా అయిందో, ముందెలా ఉందో దానికి తెలీదు. ఓనరుగారు మాత్రం ఆ ఒక్క ఫొటోతో మూడూ చెప్పించారు.

రెండోది చిన్న బెడ్‌రూంలో పిల్ల క్రేయాన్లతో గీసిన గోడ. ఇది మావాడి బాధ్యతే. అద్దె ప్రకటన కోసం ఓనరుగారే మూడేళ్ళ కిందట తీయించిన ఫొటోలు మావాడి ఫోన్లో ఇంకా ఉన్నాయి. అందులో ఆ గోడ కొత్త రంగుతో మెరుస్తోంది. కాబట్టి మా దగ్గరున్న సాక్ష్యం ఆయనకే పనికొస్తుంది. అయినా ఎంత కట్టాలి? పెయింటరు బిల్లులో ఆ గది వాటా 5,000. లోపలి గోడల ఎమల్షన్ అయిదేళ్ళు వస్తుందనుకుందాం. అందులో మూడేళ్ళు అప్పటికే గడిచిపోయాయి. పాప పాడుచేసింది మిగిలిన రెండేళ్ళనే. అంటే 2,000. మొత్తం 5,000 కట్టించుకుంటే, పాత రంగు పోయి కొత్త రంగు వచ్చిన లాభం కూడా మావాడి జేబులోంచే వస్తుంది.

దీన్ని పిసినారి లెక్క అనుకునేవాళ్ళుంటారు. కానీ మూడేళ్ళలో మావాడు కట్టిన అద్దె దాదాపు ఏడు లక్షలు. అది దేనికి? నాలుగు గోడల మధ్య ఖాళీ జాగాకి మాత్రమే కాదు, అక్కడ మనుషులు బతికితే వచ్చే అరుగుదలకి కూడా. తలుపు పిడి నలుపెక్కుతుంది, స్విచ్చుల చుట్టూ వేలిముద్రలు పడతాయి, మంచం ఆనించిన చోట గోడ మాసిపోతుంది. వీటన్నిటికీ నెలనెలా డబ్బు ముట్టింది. మళ్ళీ అడ్వాన్స్‌లో కోస్తే ఒకే అరుగుదలని రెండుసార్లు అమ్మినట్టు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను కూడా ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలో తిరిగి అప్పగించాలంటూనే, సహజమైన అరుగుదలని అందులోంచి మినహాయించింది. మావాడి అగ్రిమెంటులోనూ ఆ వాక్యం ఉంది, ఆరో పేజీలో. సంతకాలు పెట్టిన ఇద్దరూ చదివినట్టు లేరు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుంటామని కొందరు అగ్రిమెంటులోనే రాసుకుంటారు. అది వేరే సంగతి. ముందే చెప్పారు కాబట్టి ఒప్పుకోవడమో, వేరే ఇల్లు చూసుకోవడమో మన చేతిలో ఉంటుంది. ఇక్కడ అలాంటి షరతేమీ లేదు.

వాష్‌బేసిన్ మీద అంత చర్చ అక్కర్లేదు. గాజు సీసా పడి పగిలింది, మావాడే పగలగొట్టాడు. బిల్లు 3,800 అయినా అందులో 1,400 కొత్త కొళాయిది. పాత కొళాయికి ఏమైందో ఉత్తరంలో లేదు. పనిలో పనిగా మార్పించి ఉంటారు. బేసిన్, ప్లంబరు కూలీ కలిపి 2,400. అది ఇచ్చేయాలి. పింగాణీ రంగులా ఏటేటా అరిగేది కాదు కాబట్టి వయసు కింద తగ్గించమని అడగడం నాకు సబబుగా తోచలేదు.

నిజమైన చిక్కు కప్‌బోర్డు దగ్గరే వచ్చింది. సింకు వేస్ట్ పైపు జాయింటు దగ్గర నీరు కారి, కింది ప్లైవుడ్ ఉబ్బి, రెండు తలుపులు పనికిరాకుండా పోయాయి. పైపు పాతది, కారడం మావాడి తప్పు కాదు. కానీ అయిదు నెలలపాటు దాని కింద చిన్న బకెట్ పెట్టి, నిండినప్పుడల్లా పారబోసుకుంటూ గడిపాడు. ఓనరుకి చెప్పలేదు. ‘చెప్పి ఉంటే 200 రూపాయల వాషరుతో పోయేది’ అని ఆయన రాశారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకు చెప్పలేదురా అంటే, ‘అంతకుముందు గీజరు రిపేరు అడిగితే వచ్చే నెలే అద్దె పెంచారు, మళ్ళీ అడగబుద్ధి కాలేదు’ అన్నాడు. ఆ భయం నిజమైనదే. నోరెత్తితే ఖరీదు కట్టాల్సిన చోట మనుషులు నోరు మూసుకుంటారు, ఇల్లు లోపల్లోపలే కుళ్ళుతుంది. అయినా చెక్క ఉబ్బుతోందని తెలిసిన మనిషి ఆ ఇంట్లో మావాడొక్కడే. ఓనరుకి కనబడని చోట జరిగే నష్టాన్ని ఆయన కళ్ళబడేలా చేయడం ఉంటున్నవాడి పని. అందుకే అందులో సగం, 3,750 ఒప్పుకోమన్నాను.

‘సొంతింటిలా’ అన్న మాట దగ్గర మాత్రం ఆయన పొరబడ్డారు. సొంతిళ్ళలో గోడల మీద పిల్లల గీతలుంటాయి. ఆయనకి కావలసింది సొంతింటిలా చూసుకునేవాళ్ళు కాదు, ఎవరూ ఉండనట్టు ఉండేవాళ్ళు. అయితే సొంతిల్లయి ఉంటే ఆ జాయింటుని మావాడు రెండో రోజే బాగుచేయించేవాడు. ఆ మాట అతనితో అన్నాను, నవ్వలేదు.

లెక్క 8,150కి వచ్చింది. మిగతా 51,850 ఇవ్వమని జవాబు తయారుచేశాం. ఉప్పు పట్టిన గోడ గురించి రెండు వాక్యాలు రాసి, వెనక బాత్రూం టైల్స్ చూపించుకోమని చేర్చాం. లేకపోతే కొత్తగా దిగినవాళ్ళకీ అదే ఫొటో వెళ్తుంది. పెయింటింగ్, వాష్‌బేసిన్ పేరాలకి మావాడు ఒప్పుకున్నాడు. కప్‌బోర్డు పేరా దగ్గర ఆగిపోయాడు. బకెట్ పెట్టి అయిదు నెలలు నీళ్ళు మోసింది నేను, దానికి నేనే ఎదురు డబ్బులివ్వాలా అంటాడు. జవాబు ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది.