బుడమేరు వరదలో అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లకి

ఈ వారం పోస్ట్ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఉన్న మనవాళ్ల కోసం. మిగతావాళ్లు కూడా చదవండి, మీకు తెలిసిన ఇల్లు అక్కడ ఒక్కటైనా ఉంటుంది.

మొన్న మా సత్సంగం తరఫున బియ్యం, దుప్పట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఒక పిన్నిగారు నన్ను పక్కకి పిలిచారు. పాల ప్యాకెట్ల కోసమని నడుముల్లోతు నీళ్లలోకి దిగిన కొడుకు తిరిగి రాలేదు. ఆవిడ అడిగింది ఒక్కటే. "సోమవారం పోలాల అమావాస్య బాబూ. ఏటా కందమొక్కకి పూజ చేసేదాన్ని. ఈసారి చేయలేదు. దానికే ఇలా అయిందా?"

ఆ క్షణంలో నాకు మాట రాలేదు. ఇప్పుడు చెప్తాను పిన్నిగారూ. పోలాల అమావాస్య సెప్టెంబర్ 2. నీళ్లు మన వీధుల్లోకి వచ్చింది 1వ తేదీ ఆదివారం. పూజ రోజుకన్నా ముందే వరద వచ్చేసింది. నేను రోజూ కోడ్‌లో తప్పులు వెతుక్కునేవాణ్ణి. తర్వాత జరిగింది ముందు జరిగినదానికి కారణం కాలేదు, అంత మాత్రం నాకు తెలుసు. కారణం అందరం చూశాం కూడా. విపరీతంగా వాన పడింది, బుడమేరు కట్టకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. ఆర్మీ వచ్చి ఆఖరి గండి పూడ్చేసరికి సెప్టెంబర్ 7, వినాయక చవితి అయింది. అటు కృష్ణ కూడా నిండుగానే ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇందులో మీ వ్రతం ఎక్కడుంది?

"ఏ జన్మలో ఏం చేసుకున్నారో" అని ఎవరైనా మీ గుమ్మంలో నిలబడి అంటే వినకండి. కర్మ సిద్ధాంతాన్ని నేనూ నమ్ముతాను. కానీ అది నా తప్పులు నేను చూసుకోవడానికి, పక్కింటి చావుకి లెక్క కట్టడానికి కాదు.

మహాభారతంలో స్త్రీ పర్వం ఉంది. మన వీడియోల్లో దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు, వ్యూస్ రావని భయం, ఒప్పుకుంటున్నాను. యుద్ధం అయిపోయింది. నూరుగురు కొడుకులు పోయిన ధృతరాష్ట్రుడికి విదురుడు ఎంతో గొప్ప వేదాంతం చెప్తాడు. అంతా విని ఆయన స్పృహ తప్పి పడిపోతాడు. అప్పుడు వ్యాసుడు, విదురుడు, సంజయుడు ఏం చేశారు? చల్లటి నీళ్లు చల్లారు. తాటాకు విసనకర్రలతో విసిరారు. ఒళ్లంతా చేతులతో నిమిరారు. చాలాసేపటికి తెలివి వచ్చి ఆయన మళ్లీ ఏడిస్తే, ఏడవనిచ్చారు. వ్యాసుడు మాట్లాడింది ఆ తర్వాతే. విదురుడంతటి వాడి మాటే ఆ పూట పని చేయలేదంటే, మనకి మాట రాకపోవడం తప్పేం కాదు.

అదే పర్వం చివర ధర్మరాజు విదురుణ్ణి, ధౌమ్యుణ్ణి, సంజయుణ్ణి పిలిచి, దిక్కులేనివాడిలా ఏ ఒక్క శరీరమూ మిగిలిపోకూడదు అంటాడు. తనవాళ్లకీ, ఎదుటి పక్షంవాళ్లకీ, అసలు చుట్టాలెవరో తెలియనివాళ్లకీ అందరికీ దహనం చేయించాడు. తర్వాత గంగ ఒడ్డున తర్పణాలు విడుస్తుంటే కుంతి నోరు విప్పింది, కర్ణుడు మీ అన్న అని. ఆ కబురు తెలిసేసరికి ఎంత ఆలస్యమైందో చూడండి. అయినా ఆయన అన్నకి నీళ్లు వదిలాడు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీలో కొందరు పదో రోజు దాకా పునరావాస కేంద్రంలోనో చుట్టాల ఇంట్లోనో ఉన్నారు. దినకార్యాలు సరిగ్గా జరగలేదని కుమిలిపోతున్నారు. ఆగిపోయినవి తర్వాత చేసుకోవడానికి శాస్త్రంలో దారి ఉంది. ఏ రోజు పోయారో తేలకపోతే ఆ మాసపు అమావాస్యని తిథిగా పెట్టుకోవచ్చు. మనిషి జాడే దొరకకపోతే దర్భలతో ప్రతిమ చేసి సంస్కారం చేసే పద్ధతి కూడా ఉంది. అయితే దానికి తొందరపడకండి, ముందు పోలీసు రికార్డు తేలాలి. మొదటి ఏడాదిలో మహాలయం పెట్టవచ్చా లేదా అన్నది ఇంటింటికీ మారుతుంది, మీ పురోహితుణ్ణే అడగండి. యూట్యూబ్‌లో చూసి నిర్ణయించుకోవద్దు, మా ఛానల్‌తో సహా.

బురదలో నానిపోయిన దేవుడి పటాలు చూసి చాలామంది భయపడుతున్నారు. అపచారం ఏమీ కాదు. అద్దం, ఫ్రేము తీసేసి కాగితాన్ని శుభ్రమైన చోట మట్టిలో కప్పెట్టండి. కాలవలో మాత్రం వేయకండి, అది ఇప్పటికే పూడిపోయి ఉంది.

అక్టోబర్ 2 మహాలయ అమావాస్య. ఆ రోజు ఉదయం 7 గంటల నుంచి మా సత్సంగం హాల్లో పురోహితులు ఇద్దరు ఉంటారు. నువ్వులు, దర్భలు, బియ్యప్పిండి మేమే తెస్తాం, దక్షిణ కూడా మాదే. పోయినవాళ్ల పేరు, తెలిస్తే గోత్రం చెప్పండి చాలు, గోత్రం తెలియకపోయినా రండి. నడవలేని పెద్దవాళ్లుంటే ముందురోజు కామెంట్‌లో చెప్పండి, మావాళ్లు బండి వేసుకొస్తారు. పిన్నిగారూ, మీ ఇంటికి నేనే వస్తాను.