సిస్టరమ్మకి ఇటాలియన్లో నాలుగు ముక్కలు

"థాంక్స్" అనే మాటకి మన వంటింట్లో ఇప్పటికీ పీట వేయలేదు. బజార్లో అంటాం, బ్యాంకులో అంటాం, బస్సులో కాస్త జరిగి చోటిచ్చిన అమ్మాయితో అంటాం. అమ్మ అన్నం వడ్డిస్తే మాత్రం అనం. పొరపాటున అన్నామో, "ఏమే, నేను పరాయిదాన్నయిపోయానా?" అంటుందావిడ. "కృతజ్ఞతలు" అన్నమాట సభల్లో వందన సమర్పణ చేసేవారికి వదిలేశాం. మరీ గుండెల్లోంచి పొంగుకొస్తే "మీ ఋణం తీర్చుకోలేమండీ" అంటాం. తీర్చలేమని ఒప్పుకోవడమే మన థాంక్స్ అన్నమాట! ఋణం తీరిపోయిందని మనం అనేది మనిషి పోయినప్పుడే కదా.

ఇలాంటి మాటల అలవాటున్న ఇంటివాళ్ళు ఒక విదేశీ నర్సుకి, ఆవిడ భాషలో, కార్డు రాయాల్సొస్తే ఏం రాస్తారు? ఈ చిక్కు మా వదినగారింట్లో వచ్చింది. మావారి అక్కగారు ఆత్రేయపురం దగ్గర వుంటారు. వాళ్ళమ్మాయి మిలాన్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగం చేస్తోంది. 2023 చలికాలంలో వదినగారు కూతురి దగ్గరికి వెళ్ళి, తడిమెట్ల మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. అక్కడ ముసలివాళ్ళకి తుంటి విరిగితే రెండురోజుల్లోపలే ఆపరేషన్ చెయ్యాలని చూస్తారట. ఎక్కువరోజులు మంచాన పడుకోబెడితే ఊపిరితిత్తులకి నెమ్ము చేరుతుందని, ఒళ్ళు పుండు పడుతుందని భయం. అలాగే చేశారు. మర్నాడే పట్టుకుని నిలబెట్టారు. మొత్తం పన్నెండు రోజులు ఆస్పత్రిలో వున్నారు.

ఆ పన్నెండు రోజులూ వదినగారికి ఇటాలియన్ రాదు, ఆ నర్సుకి తెలుగు రాదు. తెలుగుని తూర్పుదేశపు ఇటాలియన్ అంటారని మనం గొప్పగా చెప్పుకుంటాం. రెండు భాషల్లోనూ మాటలు అచ్చులతోనే ముగుస్తాయి గనక చెవికి ఇంపు, అంతవరకే. అర్థాలు మాత్రం ఎక్కడికక్కడే. ఆ దేశంలో అమ్మమ్మనైనా నాయనమ్మనైనా "నొన్నా" అంటారు. పెద్దవయసు ఆడవాళ్ళని ఆప్యాయంగా అలా పిలిచే నర్సులూ వున్నారు, ఈవిడా వాళ్ళలో ఒకరు. మా వదినగారికేమో గోదావరి అలవాటు, చిన్నవాళ్ళెవరైనా సరే "నాన్నా" అనే పిలుస్తారు. "నొన్నా" అని నర్సు పిలవడం, "ఏం నాన్నా" అని ఈవిడ పలకడం. ఈ ముసలావిడ నన్ను పట్టుకుని అమ్మమ్మా అంటోందేమిటా అని ఆ పిల్ల మూడురోజులు తికమకపడిందట!

ఇంటికొచ్చాక మేనకోడలు నాకు ఫోన్ చేసింది. "అత్తయ్యా, నువ్వు కథలు రాస్తావుగా, తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పు. ఇటాలియన్లో నేను పెట్టుకుంటాను" అంది. ఫోన్ వదినగారు లాక్కుని "దేవతవమ్మా అని రాయి, మరేం వద్దు" అన్నారు. వెనకాల వీడియోలో ఆత్రేయపురం నుంచి అన్నయ్యగారు "దేవతేమిటే, ఆవిడ జీతం పుచ్చుకోవడం లేదూ? డ్యూటీ చేసింది" అన్నారు.

అన్నయ్యగారి మాట తీసిపారేసేది కాదు. దీనిమీద రెండువేల ఏళ్ళనాడే రోము నగరంలో సెనెకా అనే తత్వవేత్త ఉపకారాల గురించి ఒక పెద్ద పుస్తకమే రాశాడు. వైద్యుడికి ఫీజు ఇచ్చేశాక ఇంకా ఏమైనా బాకీ వుంటామా అని అందులో ఆయనకీ ఇదే సందేహం. ఆయన తేల్చిందేమిటంటే, వచ్చి నాడి చూసి మందు చెప్పి పోయినవాడికి ఫీజుతో సరి. అవసరమైనదానికంటే ఎక్కువసేపు మంచం పక్కన కూర్చుని, తన పేరుకోసం కాక నా ప్రాణం కోసమే ఆందోళనపడ్డవాడికి మాత్రం స్నేహితుడికి పడ్డంత ఋణం పడ్డాను అని. ఈ తూకం నాకు నచ్చింది. ఇంజక్షను వేళకి వెయ్యడం, కట్టు మార్చడం, జ్వరం చూసి చార్టులో రాయడం జీతంలోవి. వాటికి ఆస్పత్రి ఇచ్చేది ఇస్తుంది. మనం కార్డులో రాయాల్సింది మిగతాది.

మిగతాది ఏమిటో గుర్తుచేసుకోమన్నాను. రెండు దొరికాయి.

ఒకటి నీళ్ళు. వదినగారు చన్నీళ్ళు గొంతు దిగనివ్వరు, పైగా అడగడానికి మొహమాటం. మొదటిరోజు సీసాలో నీళ్ళు ముట్టకుండా వదిలేయడం చూసిన ఆ నర్సు, తనకి డ్యూటీ వున్న ప్రతి సాయంత్రం అడక్కుండానే గోరువెచ్చటి నీళ్ళు తెచ్చిపెట్టింది.

రెండోది పుస్తెల సంగతి. ఆపరేషన్‌లో రక్తనాళాలు మూయడానికి కరెంటు పరికరం వాడతారు గనక ఒంటిమీద లోహం వుంటే కాలే ప్రమాదం వుంది, అన్నీ తీసెయ్యాలి. వదినగారు పుస్తెలు పట్టుకుని వదల్లేదు. పరాయిచేతికి ఇవ్వనంటారు. ఆ పొద్దున ఆరున్నరకి, చూడటానికి ఎవర్నీ రానివ్వని వేళలో, నర్సు మేనకోడలికి ఫోన్ చేయించి లోపలికి రానిచ్చింది. కూతురొచ్చి తన చేతులతో తీసి గుడ్డలో చుట్టి దగ్గర పెట్టుకుంది. అప్పటికి గాని ఈవిడ ఏడుపు ఆపలేదు.

ఇక కార్డు. ముందు బొమ్మ. వదినగారికి పసుపుపచ్చ చామంతుల కార్డు నచ్చింది. కడియం మీదుగా రాజమండ్రి వెళ్ళేవాళ్ళం, చామంతి కంటే శుభమేముంది మనకి? ఇటలీలో చామంతులు సమాధుల మీదికి. నవంబరు 2న పోయినవాళ్ళని తలుచుకునేరోజు శ్మశానాలన్నీ ఆ పూలే. ఆస్పత్రిలో పనిచేసేవాళ్ళకి అవి పంపితే ఎలా వుంటుంది చెప్పండి? నిమ్మకాయల బొమ్మతో మార్చారు.

తర్వాత పిలుపు. మనం సిస్టర్ అంటాం. దాన్నే మాటకి మాటగా "స్వోరా" అని రాస్తే ఆవిడ్ని సన్యాసినిని చేసినట్టే; ఒకప్పుడు అక్కడి ఆస్పత్రుల్లో సేవచేసింది ఆ కన్యకలే మరి. నర్సుకి వాళ్ళమాట "ఇన్ఫెర్మియేరా". కార్డు మొదట్లో అదీ అక్కర్లేదు, "జెంతీలె సిన్యోరా" అని, పక్కన బ్యాడ్జి మీద చూసిన పేరు చాలు. ఆవిడ మనని నొన్నా అందిగదాని మనం చనువుగా "తూ" అని రాయకూడదు, అది మన నువ్వు. "లేయి" అనాలి. అసలు ఆ మాటకి "ఆమె" అని అర్థం. ఎదుటిమనిషినే ఆమె అనడం, మన పాతవాళ్ళు "తమరు" అన్నట్టు. కాగితం మీద మొదటి అక్షరం పెద్దది వేస్తే ఎదుటి మనిషి అని తెలుస్తుంది.

ఇంకో గోతి "రికోవెరో". చూడగానే ఇంగ్లీషు రికవరీలా కనిపించి, కోలుకోవడం అనుకుంటారు కొత్తవాళ్ళు. దానర్థం ఆస్పత్రిలో చేరి వుండటం.

దేవత దగ్గర మాత్రం పేచీ వచ్చింది. ఇటాలియన్లో "ఆంజెలో" అని రాసే ఆచారం వుంది, తప్పేమీ కాదు. కానీ 2020లో కరోనా మొట్టమొదట విరుచుకుపడ్డ లొంబార్డీ ఇదే, మిలాన్ దాని రాజధాని. అప్పుడు నర్సుల్ని దేవదూతలనీ వీరులనీ జనం పొగిడితే, మేం వీరులం కాం, చదువుకుని పనిచేసేవాళ్ళం, అలాగే చూడండి అన్నారు చాలామంది. దేవతకి నడుంనొప్పి వుండదు, సెలవు అక్కర్లేదు, జీతం పెంచనక్కర్లేదు! ఇది వదినగారికి చెబితే కాసేపాలోచించి, "అయితే నీళ్ళ సంగతి రాయండి" అన్నారు.

చివరికి కార్డులోకి వెళ్ళిన వాక్యాలివి:

"గ్రాత్సియె ది క్వోరె పేర్ కోమె సి ఎ ప్రేజా కూరా ది మియా మాద్రె నేయి దోదిచి జోర్ని ది రికోవెరో." ఆస్పత్రిలో వున్న పన్నెండు రోజులూ మా అమ్మని చూసుకున్న తీరుకి మనసారా ధన్యవాదాలు. 

"ఓన్యీ సేరా లేయి లె పోర్తావా లాక్వా కాల్దా, ప్రీమా కె లా కియెదెస్సె." ప్రతి సాయంత్రం ఆవిడ అడక్కముందే మీరు వేడినీళ్ళు తెచ్చేవారు. 

"మియా మాద్రె నోన్ పార్లా ఇతాలియానో, మా కోన్ లేయి సి ఎ సేంప్రె కపీతా." అమ్మకి ఇటాలియన్ రాదు, అయినా మీతో ఎప్పుడూ మాట కలిసింది.

కింద "కోన్ రికొనొషేంత్సా". ఈ మాట మీద నాకు ప్రేమ కలిగింది. కృతజ్ఞతతో అని అర్థమేగాని, దాని వేరులో వున్నది "గుర్తించడం". మన కృతజ్ఞతలోనూ "చేసింది ఎరిగి వుండటం" వుంది కదూ. తీర్చడం ఊసు రెండింటిలోనూ లేదు.

పుస్తెల సంగతి కార్డులో ఎందుకు లేదంటారా? మేనకోడలు రాసింది, అందంగానే రాసింది. ఆవిడతో పనిచేసే ఇటాలియన్ అమ్మాయి చదివి, పెన్నుతో కొట్టేసింది. ఇలాంటి కార్డులు వార్డులో బోర్డుకి గుచ్చి అందరూ చూసేలా పెడతారట. వేళకాని వేళ లోపలికి రానిచ్చిందని తేదీతో సహా అక్కడ రాసిపెడితే, పై అధికారిణి చదవదా? నేనింతకాలం థాంక్స్ అంటే ఎంత చెప్తే అంత మంచిదనే అనుకున్నాను. ఒక మనిషి మనకోసం నిబంధన కొంచెం పక్కకి జరిపితే, దాన్ని ఊరందరికీ చాటడం మన మనసు తేలికపడటానికే గాని ఆవిడ మేలుకి కాదు. మన అసలు బాకీ అదే, అదొక్కటే రాయడానికి వీల్లేనిది.

అందుకని మూడు దారులు పట్టారు. కార్డు నర్సుకి. మరో ఉత్తరం ఆస్పత్రి ప్రజాసంబంధాల కార్యాలయానికి; అక్కడ ఫిర్యాదులు పుచ్చుకునేవాళ్ళే "ఎలోజో" అని మెచ్చుకోళ్ళూ పుచ్చుకుంటారు. దాన్లో ఆవిడ పేరు, వార్డు, తేదీలు, ఓపికా శుభ్రతా మాత్రమే. కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళినరోజు, పుస్తెల మాట మేనకోడలు నడవాలో నిలబడి నోటితో చెప్పింది.

కానుక సంగతి కూడా చెప్పాలి. వదినగారు బండార్లంక చీర పెట్టాలన్నారు, అన్నయ్యగారు కవరులో డబ్బు అన్నారు. డబ్బు అసలు కుదరదు. అక్కడి ప్రభుత్వోద్యోగులకి 2013లో వచ్చిన ప్రవర్తనా నియమావళి ప్రకారం మామూలు మర్యాదకి ఎప్పుడో ఒకసారి ఇచ్చే చిన్న కానుక తప్ప పుచ్చుకోకూడదు, ఆ చిన్న అనేది సుమారు 150 యూరోల లోపు. చీర ఆ లెక్కలో ఇమిడేదే. కానీ ఒక్కరికే చీర పెడితే మిగతావాళ్ళ ముందు ఆవిడకే ఇబ్బందని, ఊరినుంచి వచ్చిన పూతరేకుల డబ్బా వార్డు మొత్తానికి ఇచ్చారు. కాగితమనుకుని పైపొర ఒలిచెయ్యబోయారట వాళ్ళు!

పుస్తెల మాట విన్నప్పుడు ఆ నర్సు "సి ఫిగూరి" అందట. అచ్చంగా మన "అయ్యో, ఇంతోటిదానికా" అనడమే. తర్వాత కార్డు విప్పి, అడుగున వంకరటింకర అక్షరాల్లో వున్న తెలుగు ముక్క మీద వేలుపెట్టి అదేమిటని అడిగింది. వదినగారు ఎవరికీ చెప్పకుండా రాసుకున్నది, "చల్లగా వుండు నాన్నా" అని. మేనకోడలు చదివి వినిపించబోతే, ఆఖరిమాట దగ్గర ఆ పిల్ల చెయ్యి అడ్డంపెట్టి, "ఇది నాకు తెలుసు" అంది.