పూజగదిలో ఎవరి పని వారిదే

ఛాందోగ్యోపనిషత్తులో హారిద్రుమత గౌతముడు సత్యకాముణ్ణి శిష్యుడిగా స్వీకరించాక మొదట చెప్పింది పాఠం కాదు. మందలోంచి బక్కచిక్కిన 400 ఆవుల్ని వేరుచేసి, వీటి వెంట వెళ్లమన్నాడు. అవి వెయ్యి అయ్యేదాకా తిరిగి రానని పిల్లవాడే చెప్పాడు. ఎక్కడ మేపాలో, ఎప్పుడు నీళ్లు పెట్టాలో గురువు పూసగుచ్చినట్టు చెప్పలేదు. ఎదిగే కుర్రాడికి పని అప్పగించే తీరు అది. ఆ కుర్రాడే రెండేళ్ల వాడైతే దూడ పక్కన నిలబెట్టి గడ్డిపరక చేతికిస్తాం. వయసును బట్టి మారాల్సింది పని బరువు ఒక్కటే కాదు, ఎంతమేరకు పిల్లలు జవాబుదారీ అన్నది కూడా. పూజగదిలో ఇది బాగా తెలుస్తుంది.

రెండు మూడేళ్ల పిల్లలకు ఒక్క చేతి పని చాలు. నిన్నటి పూలు తీసి బుట్టలో వేయడం, కోసిన పూలు పళ్లెంలో పెట్టడం. అమ్మో తాతో పక్కనే ఉండాలి. నాలుగైదేళ్లకు తులసికోటలో నీళ్లు పోయనివ్వవచ్చు. చెంబు చిన్నదై ఉండాలి, సగమే నింపాలి. నిండు చెంబు ఇచ్చి, ఒలికిందని కసిరితే ఆ తప్పు మనది.

ఆరేడేళ్లకు వత్తులు చేయడం వస్తుంది. వేళ్లకు కాస్త విభూతి రాసుకుంటే దూది జారకుండా చుట్టుకుంటుంది. మొదట్లో అవి లావుగా, వదులుగా వస్తాయి. అయినా ఆ వత్తే ఆ రోజు దీపంలో వేయాలి. పిల్ల చూస్తుండగా విప్పి మళ్లీ చుట్టారా, రేపటి నుంచి ఆ పని మీదే.

తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు ఇత్తడి కుందులు తోమడం సరైన పని. ఇందులో చూసి తెలుసుకోవలసింది ఉంటుంది. చాలా ఇళ్లలో శుక్రవారం తోమరు కాబట్టి గురువారం సాయంత్రం పెట్టుకోవచ్చు. ముందు కుంకుడు రసంతోనో సబ్బుతోనో జిడ్డు వదలగొట్టాలి, జిడ్డు మీద చింతపండు పనిచేయదు. తర్వాత చింతపండు గుజ్జులో ఉప్పు కలిపి పట్టించి, కొద్ది నిమిషాలాగి కొబ్బరి పీచుతో రుద్దాలి. నానబెట్టి ఆటకు పోతే ఇత్తడి ఎర్రబారుతుంది. సరిగా కడగకుండా, తడి తుడవకుండా వదిలేస్తే మర్నాటికి మచ్చలు పడి, మూలల్లో పచ్చగా చిలుము కనిపిస్తుంది. పిల్లవాణ్ణి తిట్టనక్కర్లేదు, ఆ చిలుమే చెబుతుంది. వెండి కుందులుంటే వేరుగా ఉంచి విభూతితో తోమించండి.

నిప్పు సంగతి వేరు. అగ్గిపుల్ల గీయడం పదేళ్లు దాటాకే, అదీ పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడే. నైలాన్ పరికిణీలు, వేలాడే వోణీలు, వదులు చేతుల చొక్కాలు దీపం దగ్గరకు రాకూడదు. పండగ రోజున కొత్త బట్టల సంబరంలో ఇదే మరిచిపోతాం.

పదమూడు దాటాక ముక్కముక్కలుగా చెప్పడం మానేయాలి. నూనె సీసా అడుగుకు వచ్చిందని చూడటం, కర్పూరం తేవడం, దీపం వేళ గుర్తుంచుకోవడం అంతా వాళ్ల బాధ్యతే. నూనె అయిపోయిన రోజు మీరు పరుగెత్తి తేకండి. పక్కింట్లో అడిగి తెచ్చేది వాళ్లే. ‘మగపిల్లాడికి కుందులేమిటమ్మా’ అనే బామ్మలకు భాగవతంలోని అంబరీషుణ్ణి గుర్తుచేయవచ్చు. రాజై ఉండి కూడా హరి మందిరం ఊడ్చే పనికే తన చేతుల్ని వినియోగించాడని అక్కడ ఉంది.

ఇక పని ఆగిపోకుండా ఉండటం. గోడకు పట్టిక అంటిస్తే ఆ ముచ్చట పది రోజులే. రోజూ ఎలాగూ జరిగే దానికి పని ముడిపెట్టండి: స్నానమయ్యాక తులసికి నీళ్లు, లైటు వేసే వేళకు వత్తి. పనికింత అని డబ్బు కట్టకండి, కట్టారంటే పండగ వేళకు రేటు పెరుగుతుంది. ప్రతి అడుగూ చెప్పాల్సి వస్తుంటే ఆ పని వయసుకు మించిందని అర్థం. మొక్కుబడిగా ముగించి ఫోను అడుగుతుంటే ఇంకాస్త పెద్ద పనికి ఎదిగారన్నమాట.

బాగా చేస్తున్నాడని అన్నీ ఒకరి నెత్తినే వేసే అలవాటు మన ఇళ్లలో పాతదే. పశువులకు గడ్డి కోయమని ఇంట్లోవాళ్లు పంపితే అన్నమయ్య కొడవలితో వేలు కోసుకుని తిరుమల దారి పట్టాడని కథ. మన పిల్లలు అంత దూరం వెళ్లరు, గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు.

పదో తరగతి, ఇంటర్ పరీక్షల్లో పని పూర్తిగా మాన్పించే తల్లిదండ్రులే ఎక్కువ. మాన్పిస్తే మళ్లీ మొదలుపెట్టించడం కష్టం. కుందులు తోమడం చెల్లికి అప్పగించి, సాయంత్రం దీపంలో నూనె పోసే రెండు నిమిషాల పని మాత్రం వాళ్లకే ఉంచండి.