‘కాదు’ అని రాసేటప్పుడు సమ్మా వాచా



విహార కమిటీలో పనిచేసే ప్రతి ఉపాసకుడికీ, ఉపాసికకూ ఏదో ఒక రోజు ఒక ఉత్తరం రాయాల్సి వస్తుంది. మనవాళ్లే డబ్బు పెంచమని అడుగుతారు, మనం పెంచడం లేదని చెప్పాలి. సమ్మా వాచా అంటే అబద్ధం ఆడకపోవడం, తిట్టకపోవడం అని మనం నేర్చుకున్నాం. అది ఈ ఒక్క ఉత్తరంలో ఎట్లా పనిచేస్తుందో ఇవాళ చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకోండి. పట్నంలో ఉన్న విహార కమిటీ మూడు ఊళ్లలో సాయంత్రం ట్యూషన్ సెంటర్లకు నెలకు 2,000 రూపాయల చొప్పున ఇస్తోంది. ఒక ఊరి మహిళా సంఘం మే నెలలో అర్జీ పెట్టింది. పదో తరగతి పిల్లలు ఎక్కువయ్యారు, లెక్కలకు ఇంకో టీచరు కావాలి, కాబట్టి నెలకు 4,000 చేయండి అని అడిగింది. జూన్ నుంచి మార్చి దాకా పది నెలలకు అదనంగా 20,000 కావాలి. కమిటీ దగ్గర 25,000 ఉన్నాయి. అయితే విహారం పైకప్పు కారుతోంది, వానలు ముదిరేలోపు బాగు చేయించాలి. ఆ డబ్బు దానికే పెట్టాలని కమిటీ కూర్చుని తీర్మానించింది. ఇక జవాబు రాయాలి.

సాధారణంగా మన చేతికి ముందు వచ్చేది ఆఫీసు భాష. “మీ అభ్యర్థన పరిశీలించి తిరస్కరించడమైనది.” ఈ వాక్యంలో మనిషి లేడు. ఎవరు పరిశీలించారు, ఎవరు తిరస్కరించారు? స్కాలర్‌షిప్పుకీ ఇళ్ల స్థలానికీ తిరిగి తిరిగి ఇట్లాంటి కాగితాలు అందుకున్న జనం మనం. అదే వాక్యం సొంత విహారం నుంచి వస్తే ఆ అక్కలకు ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

దానికి భయపడి కొందరు రెండో వైపుకి పోతారు. “తప్పకుండా ప్రయత్నిస్తాం, ప్రస్తుతానికి కొంచెం ఇబ్బందిగా ఉంది, చూద్దాం” అని రాస్తారు. ఇది వినడానికి మెత్తగా ఉంటుంది, దెబ్బ మాత్రం పెద్దది. ఆ ‘చూద్దాం’ని నమ్మి వాళ్లు జూన్‌లో టీచరును పెట్టుకుంటారు. ఆగస్టులో జీతం ఇవ్వలేక ఆ టీచరు ముందు తలదించుకుంటారు. ఇవ్వకూడదని ముందే నిర్ణయించుకుని ‘చూద్దాం’ అనడం నాలుగో శీలాన్ని దాటడమే.

ఈ రెండింటి మధ్య దారి బుద్ధుడే చూపించాడు. మంచి మాటకు ఐదు గుర్తులు అంగుత్తర నికాయంలో ఉన్నాయి. సమయానికి చెప్పాలి, నిజం చెప్పాలి, మృదువుగా చెప్పాలి, మేలు చేసేది చెప్పాలి, మైత్రి చిత్తంతో చెప్పాలి. మృదుత్వం అందులో ఒకటే, నిజం దాని పక్కనే ఉంది. వినేవాళ్లకు రుచించని మాట కూడా, అది నిజమూ మేలూ అయితే, తగిన సమయం చూసి చెబుతానని అభయ రాజకుమారుడికి బుద్ధుడు వివరించాడు.

ఇప్పుడు నిజం దగ్గర ఆగుదాం, ఎందుకంటే జారేది ఇక్కడే. మన తెలుగులో ‘ఇవ్వలేం’ వేరు, ‘ఇవ్వడం లేదు’ వేరు. ‘ఇవ్వలేం’ అంటే చేతిలో లేదని. మన ఉదాహరణలో చేతిలో 25,000 ఉన్నాయి. “డబ్బుల్లేవు, ఇవ్వలేం” అని రాస్తే, అక్టోబర్ 14న ధమ్మచక్ర ప్రవర్తన దినం సభలో లెక్కలు చదివినప్పుడు ఆ అక్కలు వింటారు. అప్పుడు పోయేది 20,000 కాదు, నమ్మకం. డబ్బు ఉంది, ఇంకో పనికి పెట్టాం అని చెప్పడం కష్టమే. కానీ ఆ మాట ఎన్ని నెలలైనా నిలబడుతుంది.

ఆ ఉత్తరం ఇట్లా ఉండొచ్చు:

“అమ్మలకు, అక్కచెల్లెళ్లకు జై భీమ్. పదో తరగతి పిల్లలు పెరిగారని, లెక్కలకు రెండో టీచరు కోసం నెలకు 4,000 కావాలని మీరు రాసిన ఉత్తరం కమిటీలో చదివాం. ఈ ఏడాది ఆ పెంపు ఇవ్వకూడదని నిర్ణయించాం. మన దగ్గర 25,000 ఉన్నాయి. వానలు ముదిరేలోపు విహారం పైకప్పు బాగు చేయించడానికి వాటిని పక్కన పెట్టాం. మీరు అడిగింది న్యాయమైన అవసరం. రెండిట్లో ఒకటే చేయగలిగాం. ఇప్పుడు ఇస్తున్న 2,000 ప్రతి నెలా 5వ తేదీలోపు అందుతుంది, అందులో మార్పు లేదు. వచ్చే ఏడాది కేటాయింపులు ఫిబ్రవరిలో రాసుకుంటాం. పిల్లల సంఖ్య, ఏ తరగతికి ఎంతమందో జనవరిలోగా పంపితే మీ అర్జీని ముందు చదువుతాం. డబ్బు వస్తుందని ఇప్పుడే మాట ఇవ్వడం లేదు. ఏమైనా అడగాలంటే కోశాధికారికి ఫోన్ చేయండి.”

ఇందులో ఏం చేశామో గమనించండి. వాళ్లు అడిగింది వాళ్ల లెక్కతోనే తిరిగి చెప్పాం. అర్జీ చదివారన్న సంగతి దాంతో తెలుస్తుంది. ‘కాదు’ని మూడో వాక్యంలోనే పెట్టాం. ముందు నాలుగు పొగడ్తలు పెట్టి తర్వాత ‘కానీ’ అంటే ఆ పొగడ్తలన్నీ ఆ ‘కానీ’లో కొట్టుకుపోతాయి. కారణం ఒక్కటే చెప్పాం. ఐదు కారణాలు చెబితే సాకులు వెతికినట్టుంటుంది. పైగా ప్రతి కారణానికీ వాళ్లు ఒక జవాబు తెస్తారు, బేరం మొదలవుతుంది. ‘నిర్ణయించాం’ అని మన మీద వేసుకున్నాం, ‘పైవాళ్లు ఒప్పుకోలేదు’ అనలేదు. ఆగిపోనిది ఏమిటో తేదీతో సహా చెప్పాం. పెంపు అడిగినవాళ్లకు లోపల ఉండే భయం, ఉన్నది కూడా పోతుందేమో అని.

సమయం సంగతి కూడా మరిచిపోవద్దు. ఈ జవాబు బడులు తెరిచేలోపు చేరాలి. ముందు ఫోన్ చేసి చెప్పి, తర్వాత కాగితం పంపండి. అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెడితే, ఎంత మెత్తగా రాసినా పదిమందిలో పరువు తీసినట్టే.

ఉత్తరం సరిగ్గా అందిందో లేదో వచ్చే జవాబును బట్టి తెలుస్తుంది. నెల తిరక్కుండా అదే అర్జీ మళ్లీ వస్తే, మన ‘కాదు’ వాళ్లకు వినపడలేదన్నమాట. “సరేనండి” అని ఒక్క ముక్క వచ్చి, తర్వాత వాళ్లు సమావేశాలకు రావడం మానేస్తే, మాట గాయం చేసిందన్నమాట. అప్పుడు ఇంకో ఉత్తరం రాయకండి, ఊరికి వెళ్లి కూర్చోండి. కోపంగానైనా ప్రశ్నలు అడిగితే సంతోషించండి, సంబంధం బతికే ఉంది.

ఒక్క హద్దు మాత్రం గుర్తుంచుకోవాలి. అదే ఏడాది కమిటీ సభ్యుడి సొంత ఊరికి పెంచి ఈ ఊరికి కాదంటే, ఏ మృదువైన మాటా దాన్ని కప్పలేదు. అట్లాంటి చోట ఉత్తరాన్ని దిద్దుతూ కూర్చోకండి, తీర్మానాన్ని దిద్దండి.

నమో బుద్ధాయ! జై భీమ్!