జీతం కాదు, మిగులు చూడు తమ్ముడూ

బూన్ లే, సింగపూర్



నీ చేతిలో ఇప్పుడు రెండు మూడు ఊళ్ల ఉద్యోగాలున్నాయని, ఏది ఒప్పుకోవాలో తేలడం లేదని అమ్మ ఫోన్లో చెప్పింది. 2025 మార్చిలో నేనూ అదే స్థితిలో ఉన్నాను. హైదరాబాద్, అబూదాబీ, సింగపూర్, మూడు చోట్లా పైపింగ్ డిజైన్ పనే. అప్పుడు నేను ఎలా బేరీజు వేసుకున్నానో వరసగా రాస్తున్నాను. తీరిగ్గా చదువు, మరదలిని కూడా చదవమను.

ముందు మూడింటినీ ఒకే కొలతలోకి తెచ్చాను. హైదరాబాద్ వాళ్లు ఏడాదికి పద్దెనిమిది లక్షలన్నారు. అబూదాబీ వాళ్లు నెలకు 14,000 దిర్హమ్‌లు, సింగపూర్ వాళ్లు నెలకు 7,500 డాలర్లు అన్నారు. వీటిని ఉన్నవున్నట్టు రూపాయల్లోకి మారిస్తే పోలిక కుదరదు. ఒక్కొక్కచోట ఒక్కొక్క కోత ఉంటుంది, ఖర్చు తీరూ వేరే. అందుకని నెలాఖరుకు నా దగ్గర ఎంత మిగులుతుందన్నది ఒక్కటే లెక్కలోకి తీసుకున్నాను.

హైదరాబాద్‌తో మొదలుపెట్టాను. పద్దెనిమిది లక్షల్ని పన్నెండుతో భాగిస్తే లక్షన్నర వస్తుంది కదా అనుకుంటాం. కానీ ఆ ప్యాకేజీలో లక్షా ఎనభై వేలు వేరియబుల్ పే, అంటే కంపెనీ లాభాన్ని, మేనేజర్ మార్కుల్ని బట్టి వచ్చేది. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కూడా అందులోనే కలిపారు. వాటిని పక్కన పెట్టి, నా వాటా పీఎఫ్, ఆ ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త రేట్ల ప్రకారం పన్ను, ప్రొఫెషనల్ ట్యాక్స్ తీసేస్తే చేతికొచ్చేది లక్షా తొమ్మిది వేలు. అద్దె, తిండి, బండి కలిపి నలభై ఐదు వేలు వేసుకున్నాను. మిగులు అరవై నాలుగు వేలు. పీఎఫ్‌లో ఇద్దరి వాటాలూ కలిపి నెలకు మరో పద్నాలుగు వేలు పోగవుతాయి. అది నా సొమ్మే కాబట్టి దాన్నీ కలుపుకున్నాను.

అబూదాబీలో ఆదాయపు పన్ను లేదు. స్టూడియో అద్దె 4,500, మిగతా ఖర్చులు 2,500 పోను ఏడు వేల దిర్హమ్‌లు మిగిలేవి. అప్పటి రేటున లక్షా అరవై నాలుగు వేల రూపాయలు. అయితే అక్కడ సాధారణంగా అద్దె నెలనెలా కట్టించుకోరు, ఏడాది అద్దెకు నాలుగైనా అంతకన్నా తక్కువైనా చెక్కులు ముందే రాసివ్వమంటారు. మొదటి చెక్కు, డిపాజిట్ కలిపితే మొదటి జీతం రాకముందే మూడున్నర లక్షలకు పైగా చేతిలో ఉండాలి. గ్రాట్యుటీ మొత్తం జీతం మీద కాదు, బేసిక్ మీద మాత్రమే ఇస్తారు, అదీ ఏడాది నిండాకే. నా ఆఫర్‌లో బేసిక్ సగమే. అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసింది ఒక మాట: ఆ ఉద్యోగం ఒకే ప్రాజెక్టుకు, పద్దెనిమిది నెలలకు. తరవాత ఏమిటని అడిగితే వాళ్ల దగ్గర సూటి జవాబు లేదు.

ఇక సింగపూర్. పన్ను నెలకు సుమారు 365 డాలర్లు పడుతుంది. జీతంలోంచి కోసుకోరు, మరుసటి ఏడాది మనమే కట్టాలి, కాబట్టి ఆ డబ్బు విడిగా దాచుకోవాలి. బూన్ లేలో హెచ్‌డీబీ ఫ్లాట్‌లో ఒక గది 1,100. తిండికి, రైలు, బస్సు, ఫోన్లకు మరో 950. ఇవన్నీ పోగా ఐదు వేల పైచిలుకు, డాలరు అప్పటి 64 రూపాయల లెక్కన మూడు లక్షల పాతిక వేలు. ఇక్కడి పౌరులకు, పీఆర్ వాళ్లకు యజమాని సీపీఎఫ్ కడతాడు, పాస్ మీద వచ్చిన మనకు అది లేదు. అందుకే హైదరాబాద్ పీఎఫ్‌కు సమానంగా ఒక మొత్తం ఇందులోంచి పక్కన పెట్టి చూశాను. అయినా ఈ మిగులే పెద్దది.

డబ్బు తరవాత పాస్ సంగతి చూశాను. ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కు 2025 నుంచి కనీస జీతం 5,600 డాలర్లని అందరూ చెబుతారు. అది ఇరవై మూడేళ్ల వాళ్లకు. వయసుతోపాటు అది పెరుగుతూ నలభై ఐదేళ్లకు 10,700 అవుతుంది. ముప్పై ఏళ్లకు ఏడు వేల రెండు వందలు దాటాలి. బోనస్ లెక్కలోకి రాదు, ప్రతినెలా తప్పకుండా ఇచ్చేదే వస్తుంది. నీకు ఇరవై ఏడు, అంటే ఆరు వేల ఐదు వందలకు పైన ఉండాలి. ఎవరైనా ఆరు వేలు ప్లస్ బోనస్ అంటే ఆ పాస్ రావడం కష్టమని అప్పుడే తెలుసుకో. ఉద్యోగం పోతే కంపెనీ పాస్ రద్దు చేస్తుంది, తరవాత సాధారణంగా ముప్పై రోజులు ఉండనిస్తారు. ఆలోగా కొత్త కంపెనీ మళ్లీ మొదటినుంచి దరఖాస్తు వేయాలి. అందుకే ఆరు నెలల ఖర్చు బ్యాంకులో కదలకుండా ఉంచుతాను.

చివరికి నన్ను ఇక్కడికి తెచ్చింది పని. హైదరాబాద్‌లో తెర ముందు మోడల్ గీయడమే, కట్టిన పైపును చూసే అవకాశం లేదు. ఇక్కడ జురాంగ్ దీవిలోని ప్లాంట్లకు వెళ్లి, గీసింది ఎలా నిలబడిందో కళ్లారా చూస్తాను. రెండేళ్ల తరవాత నా చేతిలో ఏ విద్య ఉంటుందన్న ప్రశ్నకు సింగపూర్ మంచి జవాబిచ్చింది.

కానీ నాన్నా, నా జవాబు నీ జవాబు కాదు. నేను ఒక్కదాన్ని, ఒక గది చాలు. నువ్వు మరదలితో వస్తే పూర్తి ఫ్లాట్ కావాలి, 2,800 అనుకో. నీకు 6,800 ఇచ్చారనుకుందాం. డిపెండెంట్స్ పాస్‌కు ఆరు వేలు చాలు కనుక తనని తెచ్చుకోవచ్చు. కానీ ఆ పాస్ మీద తను ఉద్యోగం చేయడం కుదరదు, తనకు వేరే వర్క్ పాస్ రావాలి. పన్ను, అద్దె, ఇద్దరి ఖర్చులు పోను మీకు మిగిలేది లక్షా ముప్పై ఆరు వేలు. నేను చూసినటువంటి ప్యాకేజీతోనే హైదరాబాద్‌లో ఉంటే, ఇద్దరి ఖర్చూ అరవై వేలు పోయినా, తన యాభై ఐదు వేల జీతం, నీ పీఎఫ్ కలిపి లక్షా పద్దెనిమిది వేలు మిగులుతుంది. తేడా పద్దెనిమిది వేలే. దానికోసం మరదలు తన ఉద్యోగం వదులుకోవాలా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవలసిన మాట.

కాబట్టి తొందరపడి ఎవరికీ ఔననకు. ప్రతి కంపెనీనీ నెలకు స్థిరంగా ఇచ్చేదెంతో, మొదటి ప్రాజెక్టు అయ్యాక ఏ పని ఇస్తారో రాతపూర్వకంగా అడుగు. నీ దగ్గరున్న అంకెలతో ఈ లెక్క కొత్తగా వేయి, నా అంకెలు ఎత్తి రాయకు. విదేశమైతే పాస్‌కు ప్రాథమిక ఆమోదం చేతికి వచ్చేదాకా ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకు. లెక్క పూర్తయ్యాక నాకు పంపు, ఆదివారం ఇద్దరం ఫోన్లో వరసవరసా చూద్దాం.

ఇట్లు,
నీ అక్క